చుడీదారా, పటియాలానా, పలాజోనా?
సందేహాలు - సమాధానాలు

సందేహం: మా అమ్మాయి ఈ ఏడే డిగ్రీలో చేరింది. కాలేజీవాళ్లిచ్చిన కాగితంలో యూనిఫాం దగ్గర 'చుడీదార్, చున్నీ' అని రాశారు. షాపులో చుడీదార్ సెట్టు కావాలని అడిగి తెచ్చాను. తీరా ఇంటికొచ్చి విప్పి చూస్తే కింద కుచ్చిళ్ల ప్యాంటు ఉంది. 'ఇది పటియాలా నాన్నా, లోపలికి రానివ్వరు' అని పిల్ల ఒకటే ఏడుపు. నాకు ఈ తేడాలు తెలియవు. ఎలా గుర్తుపట్టాలి?
- ఒక తండ్రి, సిద్దిపేట

సమాధానం: మీరు చేసింది తప్పేం కాదండీ, కంగారు పడకండి. మన దగ్గర టాపు, ప్యాంటు, చున్నీ కలిపిన మొత్తం సెట్టునే చుడీదార్ అంటాం. షాపతనూ అలాగే అర్థం చేసుకుని ఇచ్చాడు. కుట్టుపనిలో మాత్రం కాలికి అతుక్కుని, చీలమండ దగ్గర ముడతలు పడే ప్యాంటొక్కటే చుడీదార్.

గుర్తుపట్టడానికి ఒక్కటి చూస్తే చాలు. ఒంటికి సరిపోగా మిగిలిన గుడ్డను ఎక్కడ ఉంచారు? నడుము కింద కుచ్చిళ్లుగా పెడితే అది పటియాలా. కాలి పొడవుకు మించి ఉంచి, ఆ మిగులును చీలమండ మీద ముడతలుగా దించితే చుడీదార్. కింది అంచున వెడల్పుగా వదిలేస్తే పలాజో. అనార్కలి అసలు ప్యాంటే కాదు, పైన వేసుకునే టాపు. దానికి గుడ్డంతా రొమ్ము కిందనుంచి ఘేరుగా కిందికి పోతుంది. కాలేజీవాళ్లు కూడా మొత్తం సెట్టునే ఉద్దేశించి రాసి ఉండవచ్చు కాబట్టి, ట్యాగు తీసేయకముందే ఆఫీసుకు ఒక ఫోను చేసి అడగండి.

సందేహం: మంచి కాటన్ గుడ్డ రెండున్నర మీటర్లు కొని చుడీదార్ కుట్టమని ఇచ్చాను. కుట్టి తెచ్చాక చూస్తే తొడ దగ్గర ఒక అతుకు, పిక్క దగ్గర ఇంకో అతుకు, రెండూ ఏటవాలుగా ఉన్నాయి. మా తోడికోడలు చూసి, 'గుడ్డ మిగుల్చుకుని ముక్కలు అతికించాడు' అంది. టైలరు మాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి. అడగాలంటే మొహమాటంగా ఉంది, అడక్కపోతే మనసు ఊరుకోవట్లేదు.
- పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ టైలరును అనుమానించకండమ్మా. ఆ ఏటవాలు అతుకులు పద్ధతిగా కుట్టిన చుడీదార్‌లో ఉండేవే. చుడీదార్‌ను నిలువు పోగు మీద కత్తిరిస్తే కాలు వంగదు, ఎందుకంటే నేత గుడ్డ నిలువునా సాగదు, అడ్డంగానూ సాగదు. ఐమూలగా లాగితేనే సాగుతుంది. అందుకని గుడ్డను మడిచి, అంచులను ఏటవాలుగా కలిపి ముందు ఒక సంచిలా కుడతారు. ఆ తర్వాత ఆ సంచిలోంచి కాళ్లు కత్తిరిస్తారు. సంచి కుట్టినప్పటి అతుకే కాలిమీద మెలితిరిగినట్టు కనిపిస్తుంది.

మీ మనసు కుదుటపడడానికి ఒక చిన్న పరీక్ష చేయండి. ప్యాంటును వెలుతురులోకి తీసుకెళ్లి మోకాలి దగ్గర నేత పోగులు ఎటు పోతున్నాయో చూడండి. అవి కాలి పొడవుకు అడ్డంగా, నిలువుగా కాకుండా వాలుగా పోతుంటే పని సరిగ్గా జరిగింది. రెండు చేతులతో పట్టి అడ్డంగా లాగితే కొంచెం సాగి మళ్లీ వెనక్కి రావాలి. అతుకు ఒక్కటీ లేకుండా, పోగులు నిటారుగా ఉన్న చుడీదార్ వస్తేనే అడగాల్సింది.

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లికి అనార్కలి, చుడీదార్ విజయవాడలో కుట్టించి పార్సిల్‌లో తెప్పించుకున్నాను. కొలతలు ఫోన్‌లో చెప్పాను. టాపు చక్కగా సరిపోయింది గానీ చుడీదార్ మడమ దగ్గరే ఆగిపోతోంది, కాలు దూరట్లేదు. నేను లావయ్యానేమోనని భయంగా ఉంది. మళ్లీ కుట్టించే టైము లేదు.
- పాఠకురాలు, డాలస్

సమాధానం: మీరు లావవడం వల్ల వచ్చింది కాదమ్మా. చుడీదార్ మడమ దగ్గర ఆగిందంటే, ఫోన్‌లో చెప్పిన కొలతల్లో ఒకటి తప్పిపోయిందన్నమాట. దాదాపు అందరూ చీలమండ చుట్టుకొలతే చెబుతారు. కాలు దూరాలంటే కావలసింది మడమ మీదుగా పాదం వంపు దాకా టేపు చుట్టి తీసే కొలత. మీరు రాసిన లెక్కలే చూద్దాం. నడుమునుంచి చీలమండ దాకా 37 అంగుళాలు, పిక్క 13, చీలమండ 8న్నర, కింది మోరీ కుట్టింది 9. మడమ కొలత మీరు రాయలేదు, అయినా మీ పాదం సైజును బట్టి 12న్నరకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఐమూలగా కత్తిరించిన కాటన్ అంగుళం, అంగుళంన్నర సాగుతుందేమో గానీ 9 అంగుళాల మోరీ 12న్నర దాకా సాగదు. మోరీ 11 దాకా ఉండి ఉంటే ఇబ్బంది వచ్చేది కాదు.

విప్పి మళ్లీ కుట్టనక్కర్లేదు. కాలి లోపలి వైపు కుట్టును కిందనుంచి మూడు అంగుళాలు విప్పండి. విప్పిన అంచులను లోపలికి మడిచి కుట్టి, రెండో మూడో హుక్కులు పెట్టించండి. మీ ఊళ్లో బట్టలు సరిచేసే ఏ షాపులోనైనా చేస్తారు. ముడతల మధ్య హుక్కులు కనబడవు. అంతదాకా వేసి చూసుకోవాలంటే పాదానికి పల్చటి పాలిథీన్ కవరు తొడుక్కుని దూర్చండి, గుడ్డ జారి పైకి వస్తుంది, తర్వాత కవరు లాగేయవచ్చు. బలవంతంగా మాత్రం లాగకండి, ఐమూల కుట్టు ఒకసారి తెగితే చుట్టూ గుడ్డ కూడా పిగిలిపోతుంది.

ఇంకో మాట. ఇక ముందు పొడవు చెప్పేటప్పుడు 37కు ఇంకో ఆరు అంగుళాలు కలిపి 43 అని చెప్పండి. ముడతలు పడేది ఆ ఆరు అంగుళాలతోనే. 37 అనే కుట్టేస్తే చీలమండ దగ్గర ముడతలే పడవు, బిగుతు ప్యాంటులా ఉంటుంది.

సందేహం: నేను స్కూల్లో టీచరును. చుడీదార్ వేసుకుని పిల్లల పక్కన కింద కూర్చోగానే సీటు దగ్గర పిగిలింది. అందరి ముందూ పరువు పోయినంత పనైంది. అప్పట్నుంచీ చుడీదార్ అంటేనే గుండె దడ. మోకాలి దగ్గర కూడా కాస్త బిగిసినట్టుంటుంది. అదీ పిగులుతుందా?
- పాఠకురాలు, అనంతపురం

సమాధానం: మీ బాధ అర్థమైంది తల్లీ. కానీ ఇందులో మీ ఒళ్లు చేసిన తప్పేమీ లేదు. కూర్చున్నప్పుడు మోకాలి దగ్గర కొంచెం బిగియడం చుడీదార్‌లో మామూలే, లేచి నిలబడగానే సర్దుకుంటుంది. పట్టించుకోవలసింది సీటు దగ్గరి సంగతి. నిలబడి అద్దంలో చూసుకున్నప్పుడు రెండు కాళ్ల సందునుంచి తొడలవైపు గీతలు లాగినట్టు కనిపిస్తే అక్కడ లోతు చాల్లేదని గుర్తు. ఇలాంటిది ఎన్ని కుట్లు వేసినా మళ్లీ పిగులుతుంది.

రెండు కాళ్లు కలిసే చోట చిన్న డైమండ్ ముక్క ఒకటి వేయించండి, మియానీ అంటే టైలరుకు తెలుస్తుంది. ఆ ముక్కతో కాళ్లు విడదీసుకుని కూర్చోవడానికి చోటు వస్తుంది. ట్రయల్ వేసుకున్నప్పుడు నిలబడి చూసి ఊరుకోకండి, షాపులోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవండి.

సందేహం: చుడీదార్ బదులు లెగ్గింగ్ వేసుకుంటే ఏమైనా తేడా తెలుస్తుందా? మా అత్తగారికి లెగ్గింగ్ అంటే పడదు.
- పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: పొడవు ఎక్కువున్న చుడీదార్ లెగ్గింగ్ తీసుకుంటే దూరానికి తేడా పెద్దగా తెలియదు, దిగులు పడకండి. లెగ్గింగ్ అల్లిన గుడ్డ, చుడీదార్ నేసిన గుడ్డ. అల్లిన గుడ్డ చర్మాన్ని పట్టుకుని ఒంటి వంపులు చూపిస్తుంది, నేసింది కాస్త ఎడంగా నిలుస్తుంది. మీ అత్తగారి అభ్యంతరం బహుశా అదే అయి ఉంటుంది. టాపు మోకాలు దాటి ఉంటే, పక్కల చీలిక తొడ మధ్యకంటే పైకి పోకుండా ఉంటే ఆవిడకూ ఇబ్బంది ఉండదు.

సందేహం: పటియాలా కుట్టమంటే టైలరు నాలుగు మీటర్లు తెమ్మంటున్నాడు. డ్రెస్ మెటీరియల్ ప్యాకెట్లో ప్యాంటుకు రెండున్నరే వచ్చింది. అతను మోసం చేస్తున్నాడా, ప్యాకెట్ వాళ్లు మోసం చేశారా అని రెండ్రోజులుగా నిద్ర లేదు.
- పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ఇద్దరూ మోసం చేయలేదు, నిశ్చింతగా ఉండండి. ప్యాకెట్లో వచ్చేది మామూలు సల్వారుకో, చుడీదారుకో సరిపడా గుడ్డ. పటియాలాకు అది చాలదు. పంజాబ్‌లోని పటియాలా పేరు మీద వచ్చిన ఈ సల్వారుకు నడుము చుట్టూ వెడల్పాటి బెల్టు వేసి, దాని కింద కుచ్చిళ్లు దగ్గరదగ్గరగా పేరుస్తారు. ఆ కుచ్చిళ్లు తొడలమీదుగా జారి చీలమండ దగ్గర బిగుతు పట్టీలోకి చేరతాయి. కుచ్చిళ్లలోకి మడిచిపోయే గుడ్డకే సగం ఖర్చయిపోతుంది, అందుకే నాలుగు మీటర్లు. కుచ్చిళ్లు నిండుగా కావాలంటే ఐదు కూడా పడుతుంది.

ఉన్న రెండున్నరతోనే కుట్టించాలంటే పటియాలా ఆశ వదులుకుని మామూలు సల్వారు కుట్టించండి. ఇంకో మీటరు అదే రంగు గుడ్డ దొరికితే సెమీ పటియాలా వస్తుంది. కుచ్చిళ్లు తక్కువే గానీ ఆఫీసుకు వేసుకోవడానికి నా లెక్కలో అదే హాయి. ఆందోళన పడవలసింది గుడ్డ తక్కువైనప్పుడు కాదు, గుడ్డ బిర్రుగా ఉన్నప్పుడు. గంజి పెట్టినట్టుండే కాటన్, గట్టి సిల్కు కుచ్చిళ్లు పెడితే కిందికి జారవు, తుంటిమీద బుట్టలా పొంగుతాయి. పల్చటి కాటన్ గానీ క్రేప్ గానీ తీసుకోండి. షాపులోనే గుడ్డను చేతిలో నాలుగు మడతలు కుచ్చుపట్టి వదలండి, మడతలు వేలాడితే అది పటియాలాకు పనికొస్తుంది.

సందేహం: కొంచెం పొట్ట ఉంది. పటియాలా వేసుకుంటే ఇంకా లావుగా కనిపిస్తానని అందరూ అంటున్నారు. నిజమేనా?
- పాఠకురాలు, విజయనగరం

సమాధానం: పటియాలా బాగా కుడితే పొట్టమీద కుచ్చిళ్లే ఉండవు, మీరు భయపడినంతేమీ లేదు. బెల్టు లోతు తక్కువైతేనే కుచ్చిళ్లు పొట్టమీదకి వస్తాయి. అందుకని ఏడెనిమిది అంగుళాల లోతు బెల్టు అడగండి, కుచ్చిళ్లు పొట్ట దాటాకే మొదలవుతాయి. టాపు మోకాలికి కాస్త పైన ఆగితే చాలు. దానికి పొడవాటి అనార్కలి జతచేయకండి. పైన ఘేరు, లోపల కుచ్చిళ్లు కలిసి ఎవరికైనా లావుగానే కనిపిస్తుంది, పైగా అంత గుడ్డ పోసిన కుచ్చిళ్లు టాపు కింద దాగిపోతాయి.

సందేహం: పెళ్లి రిసెప్షన్‌కు అనార్కలి కుట్టించాలని ఐదు మీటర్ల గుడ్డ తెచ్చాను. పన్నెండు కలీలు కావాలన్నాను. టైలరు చూసి, 'ఈ ప్రింటుకు చాలదేమో' అంటున్నాడు. చాలా ఖరీదు పెట్టి కొన్నాను. చేతులు వణుకుతున్నాయి.
- పాఠకురాలు, వరంగల్

సమాధానం: ముందు స్థిమితంగా కూర్చోండి. కత్తెర పడకముందే అడిగారు కాబట్టి ఏమీ మించిపోలేదు. సినిమాల్లో మీరు చూసే అనార్కలి, 1960 నాటి 'మొఘల్-ఎ-ఆజం'లో మధుబాల వేసుకున్నదైనా, మన 1955 'అనార్కలి'లో అంజలీదేవి వేసుకున్నదైనా, పైన ఒంటికి పట్టి కింద గొడుగులా విచ్చుకునేదే. ఆ ఘేరు రావడానికి పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలు పక్కపక్కన కలుపుతారు. వాటినే కలీలంటారు.

మీ కొలతలతోనే లెక్క వేద్దాం. రొమ్ము కింద చుట్టుకొలత 32, అక్కణ్నుంచి పాదాల దాకా 38 అంగుళాలు అని రాశారు. పన్నెండు కలీలైతే ఒక్కోటి పైన రెండున్నర అంగుళాలకు కొంచెం ఎక్కువ, కింద 13 అంగుళాలు. కుట్లకు అటూ ఇటూ కలిపి పైన మూడున్నర పైచిలుకు, కింద 14 అవుతుంది. పొడవు మడతతో కలిపి 40. గుడ్డ పన్నా 44 అంగుళాలు కాబట్టి ఒక కలీ నిటారుగా, పక్కది తలకిందులుగా పేరిస్తే ఒక వరసలో నాలుగు పడతాయి. మూడు వరసలకు 120 అంగుళాలు, అంటే మూడు మీటర్లకు కాస్త ఎక్కువ. పైభాగానికి, చేతులకు ఒకటింపావు మీటరు చాలు. మొత్తం నాలుగున్నర లోపే. మీ ఐదు మీటర్లు హాయిగా సరిపోతాయి.

అయితే మీ ప్రింటులో నెమళ్లున్నాయన్నారు, అవన్నీ ఒకే వైపు చూస్తుంటే తలకిందులుగా పేర్చలేం, సగం నెమళ్లు తిరగబడతాయి. అప్పుడు వరసకు మూడు కలీలే పడతాయి. పన్నెండింటికి నాలుగు వరసలు, 160 అంగుళాలు, నాలుగు మీటర్లకు పైనే. పైభాగం కలిపితే ఐదున్నర మీటర్ల దాకా కావాలి. టైలరు 'చాలదేమో' అన్నది ఇందుకే. చేతులు, పైభాగం దానికి నప్పే సాదా గుడ్డతో వేయించండి, లేదా తొమ్మిది కలీలతో సరిపెట్టండి. కింది చుట్టు 156 అంగుళాలనుంచి 117కు తగ్గుతుంది. అదీ మూడు మీటర్ల ఘేరే, నడుస్తుంటే బాగానే విచ్చుకుంటుంది. నన్నడిగితే సాదా చేతులే మేలు, నెమళ్లు ఘేరులోనే బాగా కనబడతాయి.

సందేహం: అంబ్రెల్లా కటింగ్ అనార్కలి కుట్టించుకుని నాలుగుసార్లు కూడా వేసుకోలేదు. హ్యాంగర్‌కు తగిలించి ఉంచితే కింది అంచు ఒకచోట పొడవు, ఒకచోట పొట్టి అయిపోయింది. గుడ్డ నాసిరకమా? పాడైపోయినట్టేనా?
- పాఠకురాలు, గుంటూరు

సమాధానం: పాడవలేదమ్మా, గుడ్డలోనూ లోపం లేదు. అంబ్రెల్లా కటింగ్‌లో గుడ్డను గుండ్రంగా కోస్తారు కాబట్టి, ఆ చుట్టులో కొన్నిచోట్ల పోగులు నిటారుగా, కొన్నిచోట్ల ఐమూలగా పడతాయి. ఐమూలగా పడ్డ చోట్ల సొంత బరువుకే గుడ్డ సాగుతుంది. కుట్టేటప్పుడు ఒక రాత్రంతా వేలాడదీసి, సాగాల్సిందంతా సాగాక అంచు సమంగా కత్తిరించి మడవాలి. మీకు ఆ పని జరిగినట్టు లేదు.

ఇప్పుడైనా చేయవచ్చు. మీరు వేసుకుని చెప్పులతో నిలబడండి, నేలనుంచి ఒకే ఎత్తులో చుట్టూ సుద్దతో గీత గీయించి, ఎక్కువైంది కత్తిరించి మడిపించండి. ఆ తర్వాత హ్యాంగర్‌కు కాకుండా మడతపెట్టి అరలో ఉంచండి. చుడీదార్‌ను కూడా నడుము పట్టీ దగ్గర క్లిప్పు పెట్టి వేలాడదీయకుండా తీగమీద మధ్యకు మడిచి ఆరేయండి. తేడా అంగుళం రెండంగుళాలుంటే మామూలే. వారం వారం పెరుగుతూ పోతుంటే మాత్రం, లైనింగు పొట్టిగా ఉండి పై గుడ్డను లాగుతోందేమో టైలరుకు చూపించండి.

సందేహం: నా ఎత్తు ఐదడుగులకు అంగుళం తక్కువ. పలాజో అని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మోకాలి దగ్గర అతుకు వేసి, అక్కణ్నుంచి ఒక్కసారిగా లంగాలా విచ్చుకున్న ప్యాంటు వచ్చింది. పైగా నేలను ఊడుస్తోంది. కాలు తట్టుకుని పడతానేమోనని భయం. నాలాంటి పొట్టివాళ్లకు పలాజో పనికిరాదా?
- పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీకొచ్చింది పలాజో కాదమ్మా, ఘరారా పద్ధతి ప్యాంటు. అందుకే మీరు అనుకున్నట్టు లేదు. పలాజోలో మోకాలి దగ్గర అతుకు ఉండదు, నడుమునుంచో తొడనుంచో ఒకే ముక్కగా, నేరుగా వెడల్పవుతూ కిందికి దిగుతుంది. చీలమండ దగ్గర పట్టీ ఉండదు, ముడతా ఉండదు. ఫొటోలో మోకాలి దగ్గర అడ్డంగా గీతలాంటి కుట్టో, జరీ పట్టీయో కనిపిస్తే పలాజో కాదని తెలుసుకోండి.

మీ ఎత్తుకు పలాజో చక్కగా నప్పుతుంది, వెడల్పు ఒక్కటి హద్దులో పెట్టుకుంటే. ఒక్కో కాలి కింది చుట్టు 30 అంగుళాలు కాకుండా 22, 24 ఉండేలా చూడండి. మీరు రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి పొడవు తీయించండి, అంచు నేలకు ముప్పావు అంగుళం పైన ఆగాలి. రేయాన్, కాటన్ అయితే కత్తిరించక ముందే ఒక పూట నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేదంటే మొదటి ఉతుకుకే పొట్టి అవుతుంది. నడిచేటప్పుడు గుడ్డ కాళ్లకు తగలడం మామూలే. మెట్లెక్కేటప్పుడు అంచు చెప్పు ముందుభాగం కిందికి వస్తుంటే అది పడేసే పొడవు, వెంటనే మడిపించండి.

సందేహం: స్కూటీ మీద ఆఫీసుకెళతాను. ఈ మధ్య పక్కింటావిడ చున్నీ చక్రంలో పడి చావు తప్పింది. అప్పట్నుంచీ అనార్కలి, పలాజో రెండూ మానేశాను. స్కూటీ మీద ఏది వేసుకోవచ్చు?
- పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ భయం అక్కరకొచ్చే భయమే, అలాగని అన్నీ మానేయనక్కర్లేదు. రోజువారీ బండికి చుడీదారే అన్నిటికంటే మేలు, చీలమండ దగ్గర వదులు గుడ్డ ఉండదు. పటియాలా కూడా ఫరవాలేదు, కుచ్చిళ్లు పైన ఎన్ని ఉన్నా కింది పట్టీ బిగుతుగా ఉంటుంది. అనార్కలి వేసుకున్న రోజు కూర్చోగానే ఘేరును రెండు వైపులా ముందుకు తెచ్చి తొడల కింద అదిమి పెట్టుకోండి. మోకాలి కిందికి దిగేంత ఘేరైతే ఆ రోజు ఆటోలో వెళ్లండి. పలాజోకు చీలమండ దగ్గర ఒక్కో వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసుకుని, దిగాక తీసేయండి. చున్నీ మాత్రం ఏ డ్రెస్సు మీదైనా బండెక్కేముందు తీసి సీటు కింద పెట్టేయండి, పిన్ను పెట్టినా నమ్మకండి.